రెండు వారాలు దాటినా విరేచనాలు ఆగడం లేదా? ఏం చూసుకోవాలి, మలపరీక్ష ఎప్పుడు చేయించాలి

"రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను. మలపరీక్షలో అమీబా ఉందన్నారు, దానికీ మందు వేసుకున్నాను. అయినా మోషన్స్ ఆగలేదు. ఇప్పుడు ఏ పరీక్ష చేయించుకోవాలి?" కడుపు జబ్బుల గురించి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం దాదాపు ఇవే మాటల్లో ఉంటాయి. అందరికీ విడివిడిగా చెప్పే సమాధానాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

బయట తిన్నదో, నీళ్ళు పడకో వచ్చిన విరేచనాలు చాలావరకు వారం రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. రెండు వారాలు దాటాయంటే మామూలు సూక్ష్మజీవి కారణమయ్యే అవకాశం తగ్గుతూ వస్తుంది. నాలుగు వారాలు దాటితే ఇంకా తగ్గుతుంది. అప్పుడు వెతకవలసిన చోట్లు వేరే ఉన్నాయి: మీరు రోజూ వేసుకునే బిళ్ళలు, తాగే పాలు, పేగు వాపు, థైరాయిడ్, క్లోమం. మూడో యాంటీబయాటిక్ కోర్సు వీటిలో దేన్నీ తగ్గించదు.

ఇది పెద్దవాళ్ళ కోసం రాసింది. పిల్లలకు రెండు వారాలు దాటితే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకండి. ఓఆర్ఎస్ పట్టిస్తూ, తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపకుండా, ఆ రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ముందు ఇది చూడండి: ఎవరు ఆగకూడదు

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో లెక్కలు రాసుకుంటూ కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

- మలంలో రక్తం, లేదా తారులా నల్లటి మలం
- ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం
- నిద్రలోంచి లేచి పరిగెత్తవలసి రావడం, పడక పాడవడం
- మూత్రం బాగా తగ్గిపోవడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం
- గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి ఉండటం, లేదా ఆసుపత్రిలో చేరి ఉండటం
- గర్భం, కిడ్నీ జబ్బు, హెచ్ఐవీ, క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి మందులు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు
- 45 ఏళ్ళు దాటాక మల విసర్జన అలవాటు కొత్తగా మారి అలాగే ఉండిపోవడం, లేదా ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం

నిద్రలో లేవడం గురించి ఒక మాట. పగలు ఎన్నిసార్లు వెళ్ళినా రాత్రి హాయిగా నిద్రపట్టేవాళ్ళకు ఐబీఎస్ లాంటి పేగు అలజడి, పాలు పడకపోవడం, మందుల ప్రభావం వంటివి కారణాలయ్యే అవకాశం ఎక్కువ. రెండు, మూడు గంటలప్పుడు మెలకువ తెప్పించే విరేచనం వెనుక పేగు వాపో, షుగర్ వల్ల నరాలు దెబ్బతినడమో ఉండవచ్చు. డాక్టర్ అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పండి.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్
- ఇంట్లో మీరు వాడే అన్ని మందుల స్ట్రిప్పులు, సిరప్ సీసాలు, చూర్ణాల డబ్బాలు
- ఇప్పటిదాకా చేసిన పరీక్షల రిపోర్టులు, రాసిన చీటీలు
- బరువు చూసే మిషన్, థర్మామీటర్
- ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు

ఓఆర్ఎస్ కొనేటప్పుడు పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. పండ్ల రుచితో వచ్చే తియ్యటి డబ్బా పానీయాల్లో చక్కెర ఎక్కువ, అవి విరేచనాన్ని పెంచుతాయి. వాటి పేరులో ఓఆర్ఎస్ అని వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దాని కోసం పోరాడారు. ఇంకో తప్పు కలపడంలో జరుగుతుంది. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు, చక్కెర మోతాదు మించిపోతాయి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాశారో అన్ని నీళ్ళలోనే, మొత్తం పొడి ఒకేసారి వేసి కలపండి.

1. ఇవి నిజంగా విరేచనాలేనా అని తేల్చుకోండి

రోజుకు మూడు, అంతకంటే ఎక్కువసార్లు పల్చగానో నీళ్ళలాగానో వెళ్తే విరేచనాలు. రోజుకు నాలుగుసార్లు వెళ్ళినా గట్టిగానే అవుతుంటే కావు. లెక్కకంటే మలం పలుచదనమే ముఖ్యం.

ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతుంది. మంచంలో ఎక్కువగా ఉండే తాతయ్యకో అమ్మమ్మకో కొద్దికొద్దిగా నీళ్ళలా కారుతూ బట్టలు పాడవుతుంటే విరేచనాలనుకుని ఆపే మందు వేస్తారు. లోపల రాయిలా గట్టిపడిన మలం అడ్డుగా ఉండి, దాని పక్కనుంచి నీరు కారుతుండవచ్చు. ఆపే మందు దాన్ని ఇంకా బిగిస్తుంది. ముందు చాలా రోజులు మలబద్ధకం ఉందా, కడుపు ఉబ్బిందా అని గుర్తుచేసుకోండి. అనుమానముంటే డాక్టర్ గ్లవ్ వేసుకుని వేలితో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

2. ఐదు రోజులు రాయండి

ప్రతిసారీ నాలుగే విషయాలు రాయాలి: ఎన్ని గంటలకు, ఎలా ఉంది (నీళ్ళలా, పల్చగా, జిగటగా, నూనెలా తేలుతూ), దానికి ముందు రెండు గంటల్లో ఏం తిన్నారు, ఏ బిళ్ళ వేసుకున్నారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో బరువు చూసి పేజీ పైన వేయండి.

జ్ఞాపకం మీద ఆధారపడి సాయంత్రం కూర్చుని రాస్తే పనికిరాదు. "పొద్దంతా వెళ్తూనే ఉన్నాను" అనిపిస్తుంది కానీ, రాసి చూస్తే టిఫిన్ తర్వాత మూడుసార్లు, మళ్ళీ రాత్రి భోజనం దాకా ఏమీ లేదని తేలుతుంది. ఆ ఖాళీలోనే కారణం దొరుకుతుంది.

ఈ ఐదు రోజులూ లోపెరమైడ్ లాంటి ఆపే బిళ్ళ వేసుకోకపోతే మంచిది. రక్తమో జ్వరమో ఉంటే అసలే వేసుకోకూడదు. తిండి మాత్రం మానకండి. చారన్నం, ఇడ్లీ, అరటిపండు, మజ్జిగ మీకు పడుతున్నంతవరకు తినండి.

3. బిళ్ళలన్నీ మంచం మీద పరిచి తేదీలు వేయండి

ఎక్కువ కారణాలు దొరికేది ఈ మెట్టు దగ్గరే. అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా ల్యాబ్‌కు వెళ్తారు.

ప్రతి మందు ఎప్పుడు మొదలుపెట్టారో, మోతాదు ఎప్పుడు పెంచారో, కంపెనీ ఎప్పుడు మారిందో రాయండి. విరేచనాలు మొదలైన తేదీని పక్కన పెట్టి చూడండి. స్ట్రిప్పు ముందు పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండ్ పేరు చూసి వదిలేయకండి. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేర్లు చదవాలి. "నేను మెట్‌ఫార్మిన్ వాడటం లేదు" అని గట్టిగా చెప్పినవాళ్ళ స్ట్రిప్పు తిప్పి చూస్తే గ్లిమెపిరైడ్‌తో పాటు మెట్‌ఫార్మిన్ ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

మన ఇళ్ళలో ముందుగా అనుమానించవలసినవి ఇవి.

మెట్‌ఫార్మిన్: షుగర్ బిళ్ళల్లో అన్నిటికన్నా ఎక్కువమంది వాడేది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు విరేచనాలు వస్తాయి. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవాళ్ళకు కూడా ఒక్కోసారి కొత్తగా మొదలవుతాయి. నెమ్మదిగా కరిగే రకం బిళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ. ఆ రకం బిళ్ళల్లో కొన్నింటి ఖాళీ పెంకు మలంలో కనబడుతుంది. మందు కరిగిపోయి పెంకు మాత్రమే బయటికొచ్చిందని అర్థం, కంగారుపడవద్దు.

వోగ్లిబోస్, అకార్బోస్: ఇవీ షుగర్‌కే. గ్యాసు, కడుపులో గుడగుడ, పల్చటి విరేచనం తెస్తాయి. బరువు తగ్గడం కోసం, షుగర్ కోసం వేసే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కూడా తేగలదు.

ఓల్మెసార్టాన్: బీపీ బిళ్ళ. అరుదే, కానీ వస్తే తీవ్రంగా ఉంటుంది, బరువు తగ్గిపోతారు. మందు మొదలుపెట్టిన నెలలకో ఏళ్ళకో రావడం వల్ల దాన్ని ఎవరూ అనుమానించరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే దీని గురించి హెచ్చరించింది.

గ్యాస్ సిరప్పులు, బిళ్ళలు: మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ పలచబరుస్తుంది. రోజూ పొద్దున్నే వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకాలు కొందరిలో పెద్దపేగులో సన్నటి వాపు తెస్తాయి.

చూర్ణాలు: "సాఫీగా అవడానికి", "షుగర్ తగ్గడానికి" అని తెచ్చుకున్న పొడుల్లో సునాముఖి ఉంటే అది విరేచనకారి. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి. ఏమీ రాసి లేకపోతే అది ఆపి చూడటమే మేలు.

మిగతావి: గౌట్‌కు వాడే కోల్చిసిన్, మోతాదు ఎక్కువైన థైరాక్సిన్, సెర్ట్రాలిన్ లాంటి మనోవ్యాధి మందులు, నొప్పి బిళ్ళలు. షుగర్‌ ఉన్నవాళ్ళ కోసమని అమ్మే చక్కెర లేని మిఠాయిల్లో, చూయింగ్ గమ్ముల్లో సార్బిటాల్, మాల్టిటాల్ ఉంటే అవీ ఈ జాబితాలోకే వస్తాయి.

హెచ్చరిక: అనుమానం వచ్చింది కదా అని షుగర్, బీపీ, గుండె మందులు మీ అంతట మీరు ఆపవద్దు. తేదీలు రాసిన కాగితంతో మందు రాసిన డాక్టర్‌ను కలవండి. ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. వాంతులతోనో ఎక్కువ విరేచనాలతోనో ఒళ్ళు ఎండిపోయి, మూత్రం తగ్గితే మెట్‌ఫార్మిన్, కొన్ని బీపీ బిళ్ళలు, నీరు పోయేందుకు వాడే బిళ్ళలు కిడ్నీకి హాని చేయవచ్చు. తర్వాతి మోతాదు వేసుకునే ముందే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

ఒక కేసు చూడండి. తెనాలి వైపు నుంచి వచ్చిన రైతు, 56 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగర్. ఐదు వారాలుగా విరేచనాలు. ఊళ్ళో ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ కలిపిన బిళ్ళలు ఐదు రోజులు వాడారు. రెండు రోజులు తగ్గినట్టుండి మళ్ళీ మొదలైంది. మలపరీక్షలో "ఎంటమీబా సిస్టులు కనబడ్డాయి, పస్ సెల్స్ 3-4" అని వచ్చింది. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోరంతా చేదై అన్నం సయించలేదు, విరేచనాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆయన కూతురు రాసిన పేజీలో ఒక రోజు ఇలా ఉంది: 7:30 ఇడ్లీ, షుగర్ బిళ్ళ. 8:20 పల్చగా. 9:00 నీళ్ళలా. మధ్యాహ్నం అన్నం, పప్పు, మజ్జిగ, ఏమీ లేదు. 8:30 రెండు చపాతీ, షుగర్ బిళ్ళ. 9:15 పల్చగా. రాత్రంతా నిద్ర. మిగతా నాలుగు రోజులూ దాదాపు ఇలాగే ఉన్నాయి. బరువు ఐదు రోజుల్లో కదలలేదు. రక్తం లేదు, జ్వరం లేదు. మధ్యాహ్నం అన్నానికి రాని ఇబ్బంది పొద్దున, రాత్రి బిళ్ళ వేసుకున్నాకే వస్తోంది. స్ట్రిప్పులు అడిగితే రెండు తెచ్చారు, పాతదీ కొత్తదీ. ఒకే బ్రాండ్, ఒకే రంగు. పాతదాంట్లో మెట్‌ఫార్మిన్ 500, కొత్తదాంట్లో 1000 మిల్లీగ్రాములు. విరేచనాలు మొదలవడానికి పది రోజుల ముందు మోతాదు పెంచారు.

56 ఏళ్ళ వయసు కాబట్టి అంతటితో ఆగలేదు. పేగు వాపు ఉందేమో చూసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష 28 వచ్చింది, అంటే మామూలే. రక్తం శాతం, థైరాయిడ్ బాగున్నాయి. నెమ్మదిగా కరిగే 500 బిళ్ళ, రాత్రి భోజనంతో ఒక్కటే ఇచ్చాం. నాలుగో రోజుకు మలం గట్టిపడింది. ఖాళీ కడుపు షుగర్ 118 నుంచి 146కు పెరిగింది. దానికి వేరే రకం మందు చేర్చవలసి వచ్చింది. సిస్టులంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే అమీబాలు, వాటి సంగతి కింద చెబుతాను. వయసును బట్టి కొలనోస్కోపీ గురించి కూడా ఆయనతో మాట్లాడాం, విరేచనాలు తగ్గాయి కదా అని దాన్ని వదిలేయలేదు.

4. వారం రోజులు పాలు ఆపి చూడండి

కడుపులో ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గాక, పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము కొన్నాళ్ళు తగ్గిపోతుంది. దక్షిణాది పెద్దవాళ్ళలో చాలామందికి అది ముందే తక్కువ. ఇన్‌ఫెక్షన్ పోయినా పాలు తాగినంతకాలం విరేచనాలు సాగేది ఇందుకే. గ్యాసు, గుడగుడ, నీళ్ళ విరేచనం దీని గుర్తులు.

ఏడు రోజులు పాలు, పాల టీ, కాఫీ, పాలలో కలిపే పొడులు, పాయసం, పాలకోవా, ఐస్‌క్రీమ్ పూర్తిగా ఆపండి. పెరుగులో, మజ్జిగలో ఆ చక్కెర కొంత విరిగిపోయి ఉంటుంది కాబట్టి చాలామందికి పడతాయి, అయినా ఈ వారం పలచటి మజ్జిగ ఒక్క గ్లాసుకు మించవద్దు. నెయ్యికి ఇబ్బంది లేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు టీ దగ్గర. గ్లాసుడు పాలు మానేసి, రోజుకు ఐదు పాల టీలు తాగి "పాలు ఆపినా తగ్గలేదు" అంటారు. ఆ టీలన్నీ కలిపితే గ్లాసు పాలే అవుతాయి.

ఎలా తేల్చుకోవాలి? ఎనిమిదో రోజు పొద్దున ఖాళీ కడుపుతో 250 మిల్లీలీటర్ల గ్లాసు పాలు తాగండి. నాలుగైదు గంటల్లో కడుపు ఉబ్బి, పల్చగా వెళ్తే కారణం దొరికినట్టే. షుగర్ ఉన్నవాళ్ళు సగం గ్లాసుతో చేయండి. ఆపినప్పుడు తగ్గడం ఒక్కటే చాలదు, మళ్ళీ తాగినప్పుడు రావాలి. తేలకపోతే పెద్ద ఆసుపత్రుల్లో ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది. ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చినదైతే కొన్ని వారాల్లో తగ్గుతుంది, పాలు కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

ఒక జాగ్రత్త: పాలతో పాటు గోధుమలు కూడా ఒకేసారి ఆపకండి. గోధుమ పడని సీలియక్ జబ్బు పంజాబ్ వైపు ఉన్నంతగా మన దగ్గర లేదు, కానీ ఉంది. దాన్ని పట్టుకునే రక్తపరీక్ష మీరు గోధుమలు తింటున్నప్పుడే సరిగ్గా వస్తుంది. షుగర్ కోసం రాత్రి అన్నం మాని చపాతీకి మారిన కొన్ని నెలల్లో విరేచనాలు, రక్తహీనత మొదలైతే చపాతీ ఆపకముందే ఆ పరీక్ష చేయించుకోండి. పేరు టీటీజీ ఐజీఏ.

5. మలపరీక్ష ఎవరికి, ఏది

రెండు వారాలు దాటినవాళ్ళకు ఒకసారి మలపరీక్ష చేయడం న్యాయమే. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలియకుండా "స్టూల్ రొటీన్" మళ్ళీ మళ్ళీ చేయిస్తేనే డబ్బు దండగ. ల్యాబ్‌లో అడగకుండా మీ చీటీలో ఏం రాశారో చూడండి.

కలుషితమైన నీళ్ళు తాగారు, ప్రయాణం చేశారు, కంపు కొట్టే తేన్పులు, జిడ్డు మలం, బరువు తగ్గడం ఉన్నాయి: జియార్డియా అనే పేగు పరాన్నజీవి కోసం చూడాలి. ఇది మలంలో రోజూ రాదు, అందుకే ఒక్క నమూనాలో లేకపోతే లేదని చెప్పలేం. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వండి. జియార్డియా యాంటీజెన్ పరీక్ష దొరికితే ఇంకా మంచిది.

రక్తం, జిగట, జ్వరం ఉన్నాయి: మైక్రోస్కోప్ పరీక్షతో పాటు, సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ కావాలి.

గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడారు, లేదా ఆసుపత్రిలో ఉన్నారు: యాంటీబయాటిక్ తర్వాత పేగులో పెరిగే క్లాస్ట్రిడియం డిఫిసీల్ అనే బ్యాక్టీరియాకు పరీక్ష విడిగా అడగాలి. మామూలు కల్చర్‌లో ఇది బయటపడదు.

వ్యాధి నిరోధక శక్తి తగ్గినవాళ్ళు: క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కోసం ప్రత్యేక రంగు వేసి చూడాలి. ఇదీ రొటీన్‌లో ఉండదు, డాక్టర్ పేరు పెట్టి రాయాలి.

నాలుగు వారాలు దాటింది, ఇన్‌ఫెక్షన్ కనబడలేదు, ఐబీఎస్సా లేక పేగు వాపా అన్న సందేహం ఉంది: ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. ఇది ఇన్‌ఫెక్షన్‌లో కూడా పెరుగుతుంది కాబట్టి మొదటి వారాల్లోనే చేయిస్తే గందరగోళమే మిగులుతుంది.

నూనెలా తేలే మలం, మద్యం అలవాటు, పాత కడుపునొప్పి, క్లోమంలో రాళ్ళు: క్లోమం రసం సరిపడా వస్తోందా అని చూసే ఫీకల్ ఎలాస్టేజ్.

పై వాటిలో ఏదీ లేకుండా, కొత్త మందు మొదలైన తేదీకీ విరేచనాలకూ పొంతన స్పష్టంగా కుదిరితే, ముందు డాక్టర్‌తో మాట్లాడి ఆ మందు మార్చి చూడటం సరైన క్రమం.

6. నమూనా తీసే పద్ధతి

తప్పుడు రిపోర్టుల్లో చాలా వాటికి మూలం డబ్బాలోకి మలం చేరిన తీరే.

ల్యాబ్ ఇచ్చిన చెంచా మూత డబ్బానే వాడండి. ఇంట్లో కడిగిన సీసాలో సబ్బు మిగిలి ఉంటుంది. ముందు మూత్రానికి వెళ్ళి రండి, మూత్రం కలిస్తే అమీబా చచ్చిపోతుంది. బాత్రూమ్ నేల మీద కాగితమో శుభ్రమైన ప్లాస్టిక్ కవరో పరిచి దాని మీద వెళ్ళండి. టాయిలెట్ గుంటలోంచి తీస్తే నీళ్ళూ, ఫినాయిలూ కలుస్తాయి. జిగట, రక్తం ఉన్న చోటునుంచి తీయండి. గట్టిగా ఉంటే ఉసిరికాయంత, నీళ్ళలా ఉంటే రెండు మూడు చెంచాలు చాలు.

డబ్బా మీద పేరు, వెళ్ళిన సమయం రాయండి. పల్చటి మలం అరగంట నుంచి గంటలోపు మైక్రోస్కోప్ కిందికి చేరాలి, కదిలే అమీబా ఆ తర్వాత గుర్తుపట్టలేనట్టు అయిపోతుంది. ఇంట్లో తీసి మధ్యాహ్నం పంపేకంటే ల్యాబ్ బాత్రూమ్‌లోనే తీయడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టమని ల్యాబ్ చెబితేనే పెట్టండి. కాల్‌ప్రొటెక్టిన్ నమూనాకు ఇంత తొందర అక్కర్లేదు. ఎలాస్టేజ్‌కు మాత్రం పూర్తి నీళ్ళ మలం ఇవ్వకూడదు, నీళ్ళు కలిసి విలువ తప్పుగా తక్కువ వస్తుంది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నమూనా ఇవ్వాలి. ఇప్పటికే వాడేసి ఉంటే, అత్యవసరం కాకపోతే, ఆపిన రెండు వారాల తర్వాత ఇవ్వండి. ఎప్పుడు ఏది వాడారో ల్యాబ్‌కు చెప్పండి.

7. రిపోర్టు చదివేటప్పుడు

"ఎంటమీబా సిస్టులు": రోగం తెచ్చే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ రెండింటి సిస్టులూ మైక్రోస్కోప్‌లో ఒకేలా ఉంటాయి. తేడా చెప్పాలంటే యాంటీజెన్ పరీక్షో పీసీఆరో కావాలి. ఎర్ర రక్తకణాలు మింగిన కదిలే అమీబా కనబడిందని రాస్తే అది వేరు, దానికి వైద్యం వెంటనే కావాలి. రైతు రిపోర్టులో ఉన్నవి ఉత్త సిస్టులు. మందు వాడినా లక్షణం మారకపోవడమే అవి కారణం కాదనడానికి బలమైన సూచన.

"పస్ సెల్స్ 2-4": ఇంత కొద్దిగా ఉండటం జబ్బు కాదు. దీనికి యాంటీబయాటిక్ అడగవద్దు.

"నార్మల్": మీరు చేయించిన పరీక్ష వెతికింది దొరకలేదని మాత్రమే దీని అర్థం. పేగు టీబీ, పేగు వాపు, థైరాయిడ్, సీలియక్, మందుల వల్ల వచ్చే విరేచనం, వీటన్నిటిలోనూ రొటీన్ రిపోర్టు నార్మల్‌గానే ఉండవచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కడుపునొప్పి ఉన్నవాళ్ళు నార్మల్ రిపోర్టు చూసి ఊరుకోకూడదు.

కాల్‌ప్రొటెక్టిన్: గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపైతే పేగు వాపు ఉండే అవకాశం బాగా తక్కువ. 250 దాటితే కొలనోస్కోపీ ఆలోచించాలి. మధ్యలో వస్తే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ఏమైనా వాడారా చూడండి, అవి దీన్ని పెంచుతాయి. డాక్టర్‌ను అడిగి, అవి ఆపి కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. మలంలో రక్తం పడుతున్నవాళ్ళకు ఈ అంకె మామూలుగా వచ్చినా కొలనోస్కోపీ అవసరం పోదు.

ఎలాస్టేజ్ 200 లోపైతే క్లోమం రసం తగ్గిందని అనుమానం, 100 లోపైతే బలమైన అనుమానం.

8. ఇంకా తేలకపోతే

నాలుగు వారాలు దాటాక కొన్ని రక్తపరీక్షలు ఒకేసారి చేయించుకోవడం మంచిది: రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్, క్రియాటినిన్, సోడియం-పొటాషియం, ఆల్బుమిన్, టీటీజీ ఐజీఏ, మీ అంగీకారంతో హెచ్ఐవీ. థైరాయిడ్ ఎక్కువై చెమటలు, గుండెదడ, బరువు తగ్గడంతో వచ్చే విరేచనాన్ని టీఎస్‌హెచ్ పట్టిస్తుంది.

పిత్తాశయం తీయించుకున్నాక మొదలైతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పిత్తరసం పెద్దపేగులోకి ఎక్కువగా చేరి వచ్చే విరేచనాలు కొలెస్టిరమైన్ పొడితో బాగా తగ్గుతాయి. అయితే ఆ పొడి మిగతా మందులను ఒంటికి పట్టనివ్వదు, కాబట్టి వాటిని దానికి గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి.

కొలనోస్కోపీ చేయించుకుంటే, పేగు చూడటానికి మామూలుగా ఉన్నా చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపమని ముందే అడగండి. నడివయసు దాటిన ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించే మైక్రోస్కోపిక్ కొలైటిస్‌లో పేగు గోడ కంటికి బాగానే కనిపిస్తుంది, బయాప్సీలోనే జబ్బు తెలుస్తుంది.

రెండు మూడు వారాలకే ఎవరైనా ఐబీఎస్ అని పేరు పెడితే ఒప్పుకోకండి. ఐబీఎస్ అనాలంటే లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు కావాలి, గత మూడు నెలల్లో వారానికి ఒక్కరోజైనా మల విసర్జనతో ముడిపడిన కడుపునొప్పి ఉండాలి. నొప్పే లేని విరేచనానికి ఆ పేరు సరిపోదు.

తగ్గిందని ఎలా తెలుస్తుంది

మందు మార్చాక మెట్‌ఫార్మిన్ లాంటి వాటి వల్ల వచ్చినది సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు తగ్గుతుంది. ఓల్మెసార్టాన్ వల్ల వచ్చినదానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. నోట్‌బుక్ అప్పుడు కూడా రాయండి: రోజుకు ఒకటి రెండుసార్లు, గట్టిపడిన మలం, నిలకడైన బరువు, ఈ మూడూ రెండు వారాలపాటు కనబడాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, మందు మార్చిన వారంలోనే పాలు కూడా ఆపితే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

లక్షణాలు పోయాక మలపరీక్ష మళ్ళీ చేయించనక్కర్లేదు. హోటల్లో, వంటశాలలో, పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసేవాళ్ళకు కొన్ని ఇన్‌ఫెక్షన్ల తర్వాత డాక్టర్ మళ్ళీ అడగవచ్చు. క్లాస్ట్రిడియం డిఫిసీల్ తగ్గినవాళ్ళు అసలు చేయించకూడదు, జబ్బు పోయాక కూడా వారాల తరబడి పాజిటివ్ వస్తుంది, దాన్ని చూసి మళ్ళీ మందు మొదలుపెడతారు.